ఓటీజీల ఫ్యాన్ తిరుగుతది, పై రాడ్లు ఎర్రగైతయి, కింది రాడ్లు సల్లగనే. థర్మోస్టాట్ మార్చినా అంతే

నల్లగొండ_కేకులు
అందరికీ నమస్తే. మాది నల్లగొండ, రామగిరి దిక్కు. ఇంట్లనే కేకులు, జొన్న బిస్కెట్లు చేసి ఆర్డర్లకు ఇస్త. నా ఓటీజీ 60 లీటర్లది, వెనక 2000 వాట్స్ అని రాసుంది. పైన రెండు రాడ్లు, కింద రెండు. కొని నాలుగేండ్లైంది.

పది రోజుల కింద ఒక కిలో కేకు పెట్టిన. పైన మాడి నల్లగైంది, పుల్ల గుచ్చి చూస్తే కింద పిండి పిండిగనే ఉంది. అద్దంలకెళ్లి చూస్తే పై రాడ్లు ఎర్రగున్నయి, కింద రాడ్లు మామూలు రంగులనే ఉన్నయి. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, టైమర్ టిక్ టిక్ మంటుంది.

ఇక్కడ ఒక రిపేర్ షాపుకు తీస్కపోయిన. థర్మోస్టాట్ పోయిందని కొత్తది వేసి 900 తీసుకున్నరు. ఇంటికి తెచ్చి పెడితే మళ్ల అదే కథ. మళ్ల అడిగితే ఇప్పుడు థర్మల్ ఫ్యూజ్ మార్చాలె అంటున్నరు. ఆదివారం రెండు పుట్టినరోజు కేకులున్నయి. నా దగ్గర మీటర్ ఉంది, మా ఆయన వైరింగ్ పని కొంచెం ఎరిగినోడే. మేం ఏం చూడాలె?

జడ్చర్ల_ఇల్లు
అక్కా, ఇది వోల్టేజ్ సమస్య. మా దిక్కు ఎండకాలం సాయంత్రం 180 కూడా ఉండదు. మోటార్లన్నీ ఒక్కసారి నడిచే టైముకు మా ఓవెన్ కూడా గిట్లనే చేస్తది. స్టెబిలైజర్ పెట్టు.

పాలమూరు_పాత_మెకానిక్
తమ్మీ, వోల్టేజ్ తగ్గితే వేడి తగ్గుతదన్నది నిజమే. 230కి కట్టిన రాడ్డుకు 180 ఇస్తే వేడి సగం కంటే కొంచెం ఎక్కువ, నూటికి 61 వంతులే వస్తది. కానీ ఆ తగ్గుడు పైదానికీ కిందిదానికీ ఒక్కతీరుగ ఉంటది. పైన ఎర్రగ కాలుకుంట కింద సల్లగ ఉండుడు వోల్టేజ్ పని కాదు.

అమ్మా, ముందు ఒక మాట చెప్పు. టెంపరేచర్ నాబ్ ఒక్కటే ఉందా, పైకొకటి కిందికొకటి రెండున్నయా? రెండున్న మోడల్లు కూడా వస్తయి, వాటి లెక్క వేరు. ఇంకోటి, ఫంక్షన్ నాబ్ 'కింద మాత్రమే' మీద పెట్టి చూసినవా? 'రెండూ' మీద పెట్టి చూసినవా?

నల్లగొండ_కేకులు
టెంపరేచర్ నాబ్ ఒక్కటే అన్నా. 'పైన' మీద పెడితే పైవి కాలుతయి. 'కింద' మీద పెడితే ఏదీ కాలదు. 'రెండూ' మీద పెడితే పైవి మాత్రమే కాలుతయి.

పాలమూరు_పాత_మెకానిక్
అయితే షాపోళ్లు మార్చింది ఎందుకు పనిచెయ్యలేదో చెప్త విను.

గిసుంటి ఓవెన్లల్ల మామూలుగ కరెంటు ప్లగ్గులకెళ్లి వచ్చి థర్మల్ ఫ్యూజ్, టైమర్, థర్మోస్టాట్ దాటి ఫంక్షన్ నాబ్ వెనకున్న సెలెక్టర్ స్విచ్చి దాకా ఒక్క తొవ్వలనే వస్తది. ఆ మూడిట్ల ఏది ముందు ఏది వెనక అన్నది మోడల్ను బట్టి మారుతది గనీ సెలెక్టర్ దాకా తొవ్వ ఒక్కటే. సెలెక్టర్ దగ్గరికి వచ్చినంకనే పైకొకటి, కిందికొకటి చీలుతది. పొలం లెక్కనే అనుకో. పెద్ద కాల్వల నీళ్లు రాకుంటే రెండు మళ్లూ ఎండాలె. ఒక మడి పారి ఒక మడి ఎండిందంటే తూమును అనుమానించుడు ఎందుకు? ఆ మడికి పోయే పిల్లకాల్వనే చూడాలె.

పై రాడ్లు కాలుతున్నయంటే ఫ్యూజ్ బాగున్నట్టే, థర్మోస్టాట్ బాగున్నట్టే. నీ పాతది కూడ బాగనే ఉండి ఉంటది, పారెయ్యకు. ఫ్యూజ్ కోసం ఇంక పైసలియ్యకు. మిగిలింది మూడే: కింది రాడ్లు, సెలెక్టర్ల కిందివైపు కాంటాక్టు, ఆ రెండిటి నడుమ వైరు, దాని కొసకున్న క్లిప్పు.

గద్వాల_కృష్ణ_ఒడ్డు
నాది కూడా సేమ్ ప్రాబ్లం! నా మైక్రోవేవ్‌లో ప్లేటు తిరుగుతుంది, ఫ్యాన్ సౌండ్ వస్తుంది, అన్నం మాత్రం వేడెక్కదు. మీటర్ పెట్టి నేను కూడా ఓపెన్ చేసి చూడొచ్చా?

పాలమూరు_పాత_మెకానిక్
వద్దు బాబూ. అది వేరే మిషన్. మైక్రోవేవ్ల కెపాసిటర్ ఉంటది, ప్లగ్గు తీసినంక కూడ వేల వోల్టుల ఛార్జి పట్టి ఉంచొచ్చు. ఈడ చెప్పేది ఒక్కటి కూడ దానికి పనికి రాదు. తెలిసినోళ్లకే ఇయ్యి. దాని గురించి వేరే చర్చ పెట్టు, నాకు తెలిసింది అక్కడ చెప్త.

నల్లగొండ అమ్మా, మీ ఆయనతోటి ఇట్ల చేపియ్యి. ప్లగ్గు పీకి నీ కండ్ల ముందట పెట్టుకో, స్విచ్చి బంద్ చేసుడొక్కటే సరిపోదు. ఓవెన్ పూర్తిగ సల్లారినంక నాబ్‌లు ఉన్న పక్క రేకు విప్పు. ఏ వైరు ఎక్కడుందో ఫోన్ల నాలుగు ఫోటోలు తీసుకో. కింది రాడ్ల కొసలు రెండు పక్కల బయటికి వస్తయి గనక అవతలి రేకు కూడ విప్పాల్సి రావొచ్చు. మీటర్‌ను 200 ఓంల మీద పెట్టి ముందు రెండు పిన్నులు ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తదో రాసుకో, అది వైర్ల సొంత లెక్క. అటెంక కింది సెట్టును కొలువు.

2000 వాట్స్‌ల సగం కిందికి అనుకుంటే 1000. 230ని 230తోటి గుణించి 1000తోటి భాగిస్తే 53 ఓంలకు జరంత తక్కువ వస్తది. గిసుంటి ఓటీజీలల్ల చానా వాటికి రెండు కింది రాడ్లను వరుసల కడ్తరు, ఒకదానిలకెళ్లి పోయిన కరెంటే రెండోదానిలకెళ్లి వస్తది. అప్పుడు ఒక్కొక్కటి 26 చిల్లర చూపిస్తది, రెండూ కలిపి 53. అందుకనే ఒక్క రాడ్డు తెగినా రెండూ సల్లబడ్తయి.

నల్లగొండ_కేకులు
ఇప్పుడే విప్పినం. పిన్నులు తాకిస్తే 0.4. మీరు చెప్పినట్టే రెండు రాడ్లు ఒకదానికొకటి రేకు పట్టీతోటి కలిపి ఉన్నయి. కింది సెట్టు రెండు కొసల మధ్య 53.1 చూపిస్తుంది. అంటే రాడ్లు బాగున్నట్టేనా?

జడ్చర్ల_ఇల్లు
బాగున్నట్టే అక్కా. ఓంలు కరెక్టుగా వచ్చినయి కదా. ఇంక సెలెక్టరే.

పాలమూరు_పాత_మెకానిక్
ఆగు తమ్మీ. అమ్మా, కొలిచేటప్పుడు రాడ్డుకున్న వైరు తీసినవా, అట్లనే ఉంచి కొలిచినవా? ఫంక్షన్ నాబ్ ఎక్కడుండె?

నల్లగొండ_కేకులు
వైర్లు తియ్యలేదు అన్నా. నాబ్ 'రెండూ' మీద ఉండె.

పాలమూరు_పాత_మెకానిక్
అట్లయితే ఆ 53 ఎవరిదో చెప్పలేం. పై రాడ్లూ కింది రాడ్లూ ఒక కొసకు న్యూట్రల్ దగ్గర కలుస్తయి, ఇంకో కొసకు సెలెక్టర్ల కలుస్తయి. కింది రాడ్డు తెగిపోయి ఉన్నా మీటర్ కరెంటు సెలెక్టర్ మీదికెళ్లి పై రాడ్డులకు పోయి తిరిగి వచ్చి అదే 53 చూపిస్తది. నేను కొత్తల ఇట్లనే ఒకరి ఓవెన్‌కు తెగిన రాడ్డును బాగుందని చెప్పి సెలెక్టర్ మార్చిన, మళ్ల మళ్ల తిరగాల్సి వచ్చింది.

కానీ నీ లెక్కల ఇంకోటి కూడ దొరికింది చూడు. రెండు సెట్లూ బాగుండి, సెలెక్టర్ 'రెండూ' మీద రెండిటినీ కలిపి ఉంటే పక్కపక్కన 53, 53 పెట్టినట్టయి మీటర్ 26 దాకా చూపియ్యాలె. నీకు 53 వచ్చింది. అంటే రెండిట్ల ఒకటి తెగి ఉండాలె, లేకుంటే సెలెక్టర్ల అవి కలుస్తలేవు. పై రాడ్లు కాలుతున్నయి గనక పైవి తెగలేదు. ఇగ కింది రాడ్డుకు ఒక కొసకున్న క్లిప్పు పీకి మళ్ల కొలువు. క్లిప్పును పట్టకారుతోటి పట్టి గుంజు, వైరు పట్టుకొని గుంజకు.

నల్లగొండ_కేకులు
తీసి కొలిచినం. 52.8. ఒక్కొక్క రాడ్డు విడిగ 26.5, 26.4.

పాలమూరు_పాత_మెకానిక్
ఇప్పుడు రాడ్లు బాగున్నయని నమ్మొచ్చు. ఒక్క చెకింగ్ మిగిలింది. మీటర్‌ను పెద్ద ఓంల మీద, 20 మెగా మీద పెట్టి ఒక పిన్ను రాడ్డు కొసకు, ఇంకోటి రంగు లేని రేకుకు తాకించు. ఏం చూపియ్యొద్దు. ఏమన్న అంకె వస్తే లోపల కరెంటు బాడీకి లీకైతున్నట్టు. రాడ్డు సల్లగున్నప్పుడు బాగుండి వేడెక్కినంక తెగే రకం కూడ ఒకటుంటది, దాన్ని మీటర్ పట్టలేదు, అది అరుదు. ముందు సెలెక్టర్ చూడు.

దేవరకొండ_టీచర్
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. లీకు మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెబుతాను. మా ఓవెన్ వానకాలమంతా వాడకుండా మూల పెట్టాం. దసరా సెలవుల్లో పెట్టగానే ఇంటి ట్రిప్ స్విచ్ పడిపోయింది. రాడ్డు పోయిందనుకుని కొత్తది తెప్పించాం. తర్వాత ఒకాయన చెప్పాడు, రాడ్డు లోపలి తెల్ల పొడి తేమ పీల్చుకుంటుందట, ఎండలో పెట్టి బాగా ఆరనిస్తే కొన్నిసార్లు తిరిగి వస్తుందట. మాది అప్పటికే మార్చేశాం కాబట్టి అది నిజంగా ఆరితే సరిపోయేదో లేదో చూడలేదు. పాత రాడ్డు ఇంకా ఇంట్లోనే ఉంది.

పాలమూరు_పాత_మెకానిక్
నిజమే సార్. ఆ పొడి తేమ గుంజుకుంటది. పాతదాన్ని ఎండినంక మళ్ల కొలిచి చూడుండ్రి. గనీ మామూలు మీటర్ ఏమీ చూపియ్యకపోతే బాగుందని ఖాయంగ అనుకోవద్దు. మీటర్ల ఉండేది చిన్న బ్యాటరీ, ఇంట్ల వచ్చేది 230. ఎక్కువ వోల్టేజ్ పెట్టి లీకు కొలిచే మెగ్గర్‌తోటి చూస్తేనే గట్టిగ తెలుస్తది.

నల్లగొండ_కేకులు
బాడీకి ఏం చూపిస్తలేదు అన్నా, ఎడమ పక్క 1 అని నిలబడ్డది, అంటే తొవ్వ దొరకలేదన్నట్టే కదా.

సెలెక్టర్ విప్పి చూసినం. వెనక నాలుగు పిన్నులున్నయి. థర్మోస్టాట్‌ నుంచి వచ్చేది ఎర్రది. పైకి పోయేది, కిందికి పోయేది రెండూ తెల్లవే. ఇంకోటి ఫ్యాన్‌ది. కిందికి పోయే పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి కొంచెం ఉబ్బింది. ఆ వైరు మీది తొడుగు బిస్కెట్ లెక్క కరుకుగైంది, ముట్టుకుంటే రాలుతుంది. క్లిప్పు వేలితోటి కదిలిస్తే అటిటు ఊగుతుంది. మిగిలిన మూడు గట్టిగనే ఉన్నయి.

పాలమూరు_పాత_మెకానిక్
దొంగ దొరికిండు అనిపిస్తుంది, అయినా కొలువకుండ నిర్ణయించొద్దు. సెలెక్టర్ మీదికెళ్లి ఎర్రదీ, రెండు తెల్లవీ పీకి ఏది ఎక్కడిదో టేపు మీద రాసి అతికియ్యి. మీటర్‌ను మళ్ల 200 ఓంల మీదికి తెచ్చి దాని ఒక పిన్ను ఎర్రది ఉన్న కాడ పెట్టి, ఇంకోటి కిందిదాని కాడ పెట్టి నాబ్ ఒక్కొక్క స్థానానికి తిప్పుకుంట చూడు. తర్వాత పైదాని కాడ పెట్టి అట్లనే.

నల్లగొండ_కేకులు
పైది: 'పైన' మీద 0.5, 'రెండూ' మీద 0.5.
కిందిది: 'కింద' మీద 1, 'రెండూ' మీద 1. నాబ్‌ను లోపలికి గట్టిగ నొక్కి పట్టుకుంటే ఒక్కోసారి 40, 12, మళ్ల 1 అని అంకెలు ఎగురుతున్నయి.

పాలమూరు_పాత_మెకానిక్
అయిపాయె. సెలెక్టరే. ఇది ఎట్ల జరిగిందో చెప్త, లేకుంటే కొత్తది కూడ అట్లనే పోతది.

కింది రాడ్లల్ల 4 ఆంపియర్లకు పైన్నే కరెంటు పారుతది. క్లిప్పు గట్టిగ కూసుంటే ఆ జాయింటుకు ఏం కాదు. వదులైందనుకో, ఆ జాయింటే ఒక చిన్న హీటర్ అయితది. అర ఓం అడ్డం వచ్చినా అక్కడ తొమ్మిది పది వాట్ల వేడి పుడ్తది, గోరంత ఇత్తడి ముక్క మీద అది మస్తు వేడి. ఆ వేడి పిన్ను మీదికెళ్లి లోపలి స్ప్రింగు పట్టీకి పోతది, స్ప్రింగు మెత్తబడి ఒత్తుడు తగ్గుతది, కాంటాక్టు కాల్తది.

అందుకని స్విచ్చి ఒక్కటి మార్చి పాత క్లిప్పే మళ్ల తొడిగితే ఏడాది కూడ ఆగదు. కాలిన వైరును మెరిసే రాగి కనిపించేదాక కోసి కొత్త క్లిప్పు వేసి గట్టిగ నొక్కియ్యాలె. వైరు పొట్టిగైతే వేడి తట్టుకునే సిలికాన్ వైరో, గాజునూలు తొడుగున్నదో కలుపు. ఇంటి వైరింగ్‌ల వాడే వైరు ఈడ కరుగుతది. స్విచ్చి కొనేటప్పుడు పాతది చేతిల పట్టుకపో. పిన్నులు నాలుగే ఉన్నా లోపల ఏది ఎప్పుడు కలుస్తదో వేరుండొచ్చు, కొన్నంక బిగించకముందే ఇప్పుడు కొలిచినట్టే కొలిచి చూసుకో.

మిర్యాల_మిల్లు
ఆదివారం ఆర్డర్ అన్నరు కదా. స్విచ్చి దొరికేదాక ఆ కింది వైరును సెలెక్టర్‌ల ఎర్రవైరు ఉన్న పిన్నుకే కలిపెయ్యండి. నేను రెండేండ్లు అట్లనే వాడిన. థర్మోస్టాట్, ఫ్యూజ్ దాటి వచ్చే కరెంటే కదా, వేడి ఎక్కువైతే అవే ఆపుతయి. కేకుకు ఎట్లాగూ రెండూ కావాలె.

పాలమూరు_పాత_మెకానిక్
నేను ఒప్పుకోను. ఫంక్షన్ నాబ్ బంద్ మీదికి తిప్పినా కింది రాడ్లు బంద్ కావు. ఇంట్ల ఇంకొకరు నాబ్ చూసి బందైందనుకొని చెయ్యి పెడ్తరు.

మిర్యాల_మిల్లు
టైమర్ సున్నాకు వస్తే అన్నీ బందైతయి. నా దాంట్ల అయితే అయింది. వాడేది ఇద్దరే, ఇద్దరికీ తెలుసు.

పాలమూరు_పాత_మెకానిక్
నీ దాంట్ల టైమర్ ముందున్నది కాబట్టి అయింది. అమ్మ దాంట్ల టైమర్ వైర్లు ఎట్లున్నయో మనం చూడలేదు. చూడకుండ కలుపమని నేను చెప్ప.

వనపర్తి_వంట
అన్నా నాదొక ప్రశ్న. మా వంటింట్లో అల్మరాలో బిగించిన ఓవెన్ ఉంది. అందులో పైన కింద రెండూ చల్లగానే. ఫ్యాన్, లైటు మాత్రం పనిచేస్తాయి. పై చర్చ ప్రకారం నాది కూడా సెలెక్టరేనా? ఇంతకుముందు వేడిగాలి బయటికి వచ్చేది, నెల నుంచి అది కూడా రావట్లేదు.

పాలమూరు_పాత_మెకానిక్
నీది ఆ అమ్మదానికి తిరగబడ్డది. రెండు మళ్లూ ఎండినయి, పెద్ద కాల్వ చూడాలె. బిగించిన ఓవెన్లల్ల లైటు, ఫ్యాన్‌లకు వేరే తొవ్వలుంటయి, అందుకని అవి నడుస్తయి. అనుమానం వేడి ఎక్కువైతే కరెంటు తెంపే థర్మల్ కటౌట్ మీద, థర్మోస్టాట్ మీద. ప్లగ్గు గోడ వెనకుంటే మెయిన్ బంద్ చేసి పని మొదలుపెట్టు. ఒక్కో దాని రెండు వైర్లూ తీసి కొలిస్తే కటౌట్ సల్లగున్నప్పుడు సున్నా దగ్గర చూపియ్యాలె. థర్మోస్టాట్‌కు నాబ్ తిప్పుతుంటే టక్కుమని చప్పుడొచ్చి అక్కడ సున్నా కావాలె. చప్పుడు వచ్చి మీటర్ కదలకుంటే కాంటాక్టు కాలింది.

ఇంకో మాట. వేడిగాలి బయటికి రావట్లేదు అన్నవు కదా. లోపల తిరిగే ఫ్యాన్ వేరు, పైన బాడీని సల్లబరిచే ఫ్యాన్ వేరు. నువ్వు చూసింది ఏది?

వనపర్తి_వంట
లోపలిది తిరుగుతుందన్నా. పైది ఉందనే తెలియదు. టార్చి పెట్టి చూస్తే దాని రెక్కల మీద జిడ్డూ దుమ్మూ కలిసి ముద్ద కట్టాయి, వేలితో తిప్పితే బరువుగా కదులుతోంది. కటౌట్ వైర్లు తీసి కొలిచాను, 1 చూపిస్తోంది.

పాలమూరు_పాత_మెకానిక్
కటౌట్ తన పని చేసిందన్నట్టు. ఫ్యాన్ సాఫు చేసి నున్నగ తిరగకుంటే మోటార్ మార్చాలె. ఫ్యాన్ సంగతి చూడకుండ కొత్త కటౌట్ వేస్తే అది కూడ తెగుతది. దాన్ని వైరుతోటి నేరుగ కలుపుడు మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకు, అల్మరా చెక్క అంటుకుంటది. కొన్నిటికి నడుమ చిన్న బటన్ ఉంటది, నొక్కితే మళ్ల పడ్తది. నీ దానికి ఉందో లేదో చూడు.

నల్లగొండ_కేకులు
నిన్న మా ఆయన హైదరాబాద్ పోయి కోఠి ట్రూప్ బజార్ల స్విచ్చి తెచ్చిండు. 280 అయింది. దుకాణంలనే మీటర్ పెట్టి చూస్తే మొదటిది 'రెండూ' మీద పైది ఒక్కదాన్నే కలుపుతుంది, వాపస్ ఇచ్చి ఇంకోటి తీసుకున్నడు. వైరు రెండించులు కోసి కొత్త క్లిప్పులు వేసినం. మిగిలిన మూడిటిని కూడ పట్టకారుతోటి జరంత నొక్కి గట్టి చేసినం.

బిగించకముందు నాబ్ 'రెండూ' మీద పెట్టి రాడ్డు కొసల కాడ మళ్ల కొలిచిన. 26.6 వచ్చింది. పొద్దున ఖాళీగ ఇరవై నిమిషాలు నడిపించినం, కింది రాడ్లు ఎర్రగైనయి. అటెంక చిన్న కేకు పెడితే కింద గోధుమ రంగుల ఉడికింది.

పాత థర్మోస్టాట్ కూడ షాపులకెళ్లి అడిగి తెచ్చుకున్న. నాబ్ తిప్పితే చప్పుడైన కాడ 0.4 చూపిస్తుంది. ఆ 900 వాపస్ అడుగుడు సబబేనా అన్నా?

మిర్యాల_మిల్లు
అడగండి. మీటర్ పెట్టి వాళ్ల ముందటనే చూపియ్యండి.

పాలమూరు_పాత_మెకానిక్
చూపియ్యి అమ్మా, అడుగుడు నీ ఇష్టం. నెల రోజులైనంక ప్లగ్గు పీకి ఒక్కసారి రేకు విప్పి కిందిదాని క్లిప్పు దగ్గర రంగు మారిందేమో చూసి ఈడ రాయి.